ఎంఆర్ఎన్ఏ ప్రాసెసింగ్: క్యాప్, స్ప్లైసింగ్, పాలీ-ఏ తోక మీద మళ్లీ మళ్లీ వచ్చే డౌట్లు

క్యాప్ పెడతారు, ఇంట్రాన్లు తీసేస్తారు, తోక అంటిస్తారు అని మూడు ముక్కల్లో అందరూ గబగబా చెప్పేస్తారు. "సరే, ఆ ఇంట్రాన్ ఎక్కడ అయిపోతుందో దానికెలా తెలుసు?" అనగానే ఆగిపోతారు. ఈ డౌట్లే తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టేశా. ఉదాహరణకి ఎక్కువగా హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసుని తయారుచేసే బీటా గ్లోబిన్ జీన్‌నే తీసుకున్నా, ఎందుకంటే అది చిన్న జీన్, పైగా ఏ స్టేజీలో ఏ బేస్ చెడితే తలసీమియా వస్తుందో బాగా తెలిసిన జీన్. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు, వరసగా చదవక్కర్లేదు.

## ముందు బేసిక్స్

జీన్ ఎంత పొడవుంటే ఎంఆర్ఎన్ఏ కూడా అంతే ఉండాలి కదా?

బ్యాక్టీరియాలో దాదాపు అంతే, మన కణాల్లో కాదు. బీటా గ్లోబిన్ జీన్ సుమారు 1,600 బేస్‌లు. అందులో ఎంఆర్ఎన్ఏలో చివరిదాకా మిగిలే ముక్కలు, అంటే ఎక్సాన్లు, మూడు, వాటి మధ్యలో తీసేసే ముక్కలు, అంటే ఇంట్రాన్లు, రెండు, మొదటి ఇంట్రాన్ 130 బేస్‌లు, రెండోది 850 దాకా. ఆర్ఎన్ఏ పాలిమరేజ్-2 వీటిని ఏరకుండా మొత్తం కాపీ చేసేస్తుంది, ఆ తర్వాత ఇంట్రాన్లు పోతే మిగిలేవి 626 బేస్‌ల చుట్టుపక్కల. ఆ 626లో కూడా ప్రొటీన్‌కి పనికొచ్చేది 444 మాత్రమే, అంటే 147 కోడాన్లు, ఒక స్టాప్. మిగతావి రెండు చివర్లలో ట్రాన్స్‌లేట్ కాకుండా ఉండిపోతాయి. ఇది చిన్న జీన్ కాబట్టి ఈ లెక్క. డిస్ట్రోఫిన్ జీన్ అయితే 20 లక్షల బేస్‌లు దాటుతుంది, చివరికి వచ్చే ఎంఆర్ఎన్ఏ మాత్రం 14 వేల బేస్‌లే.

మొత్తం కాపీ అయిపోయాక ప్రాసెసింగ్ మొదలవుతుందా?

పుస్తకంలో బొమ్మ అలా గీస్తారు గానీ నిజానికి కాపీ జరుగుతుండగానే ప్రాసెసింగూ నడుస్తుంటుంది. పాలిమరేజ్-2కి వెనక ఒక పొడవాటి తోక ఉంటుంది, ఏడు అమైనో ఆమ్లాల వరసే మనిషిలో 52 సార్లు రిపీట్ అవుతుంది. దాని మీద ఫాస్ఫేట్లు పడే తీరును బట్టి మొదట క్యాప్ ఎంజైములు, తర్వాత స్ప్లైసింగ్ ప్రొటీన్లు, చివర్లో కోసి పాలీ-ఏ తోక పెట్టేవి వచ్చి కూర్చుంటాయి. ఇదే తోక పాలిమరేజ్-1కి, 3కి లేదు, అందుకే రైబోజోమల్ ఆర్ఎన్ఏకి, టీఆర్ఎన్ఏకి ఈ క్యాప్ ఉండదు. డిస్ట్రోఫిన్ లాంటి జీన్ ఒక్కసారి కాపీ అవ్వడానికే సుమారు 16 గంటలు పడుతుంది, అంతసేపూ మొదటి ఇంట్రాన్లు అలాగే వేలాడుతూ కూర్చోవు కదా.

## క్యాప్ స్టేజీ

క్యాప్‌ని తలకిందులుగా అంటిస్తారంటారు, అంటే ఏంటి?

మామూలుగా ఆర్ఎన్ఏలో ఒక బేస్ తాలూకు 3' చివర పక్క బేస్ 5' చివరకి కలుస్తుంది. క్యాప్‌లో మాత్రం ఒక గ్వానోసిన్ వచ్చి తన 5' వైపు నుంచే ఆర్ఎన్ఏ 5' చివరకి అంటుకుంటుంది, మధ్యలో మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. ఆర్ఎన్ఏ 20 నుంచి 30 బేస్‌లు బయటికి రాగానే ఈ పని అయిపోతుంది. మొదట చివరనున్న ఒక ఫాస్ఫేట్ ఊడుతుంది, తర్వాత జీటీపీ నుంచి గ్వానోసిన్ వచ్చి అతుకుతుంది, చివరగా దాని 7వ స్థానంలో మిథైల్ పడుతుంది. ఇది డీఎన్ఏలో ఎక్కడా రాసి ఉండదు, ఎంజైములు పెట్టేదే. 5' నుంచి కొరుక్కుంటూ వచ్చే ఎంజైములకి ఫ్రీగా ఉన్న 5' చివర కావాలి, ఇక్కడ రెండు పక్కలా 3' వైపే కనిపిస్తుంది కాబట్టి వాటికి పట్టు దొరకదు.

క్యాప్ ఉన్నది కాపాడ్డానికేనా, ఇంకేమైనా పని ఉందా?

కాపాడ్డం ఒక పని మాత్రమే. న్యూక్లియస్‌లో క్యాప్‌ని ఒక ప్రొటీన్ల జంట పట్టుకుని మొదటి ఇంట్రాన్ స్ప్లైసింగ్‌కి, బయటికి పంపడానికి సాయం చేస్తుంది. సైటోప్లాజంలోకి వచ్చాక ఈఐఎఫ్4ఈ అనే ప్రొటీన్ ఆ క్యాప్‌ని పట్టుకుంటేనే రైబోజోమ్ చిన్న ముక్క వచ్చి కూర్చుని, అక్కడి నుంచి `AUG` వెతుక్కుంటూ ముందుకి జరుగుతుంది. క్యాప్ పడే మొట్టమొదటి బేస్ దగ్గర మార్పు ఉన్న తలసీమియా కూడా ఉంది, భారతీయుల్లో కనిపించిందే, రిపోర్టులో `CAP+1 A>C` అని వస్తుంది. ఒక్కటే కాపీలో ఉంటే బ్లడ్ రిపోర్టులో దాదాపు ఏమీ తెలియనంత మైల్డ్.

## స్ప్లైసింగ్ స్టేజీ

ఇంట్రాన్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కణానికి ఎలా తెలుస్తుంది?

మూడు గుర్తులుంటాయి. ఇంట్రాన్ మొదట్లో `GU`, చివర్లో `AG`, ఆ చివరికి కాస్త ముందు, సాధారణంగా 18 నుంచి 40 బేస్‌ల దూరంలో ఒక `A`, దాన్నే బ్రాంచ్ పాయింట్ అంటారు. అయితే `GU`, `AG` అనేవి ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, రెండక్షరాలతో ఏం గుర్తుపడుతుంది అనే డౌట్ కరెక్టే. అందుకే చుట్టుపక్కల అక్షరాలూ లెక్కలోకి వస్తాయి. యూ1 అనే చిన్న ఆర్ఎన్ఏ ఇంట్రాన్ మొదలయ్యే చోట ఎనిమిది తొమ్మిది బేస్‌ల మేర జత కడుతుంది, యూ2 వచ్చి బ్రాంచ్ పాయింట్ దగ్గర జత కడుతుంది. `AG`కి ముందు `C`లు `U`లు ఎక్కువున్న పట్టీ ఒకటుంటుంది, దాన్ని యూ2ఏఎఫ్ అనే ప్రొటీన్ పట్టుకుంటుంది. ఇవన్నీ ఎంత బాగా కుదిరితే సైట్ అంత బలమైనది. కొద్దిగా కుదిరితే బలహీనమైనది, దాన్ని కణం ఒక్కోసారి వాడుతుంది ఒక్కోసారి వదిలేస్తుంది.

లేరియట్ అనేది ఎందుకొస్తుంది? డైరెక్ట్‌గా రెండు చోట్ల కోసి అతికిస్తే సరిపోదా?

కోయడం, అతకడం ఇక్కడ వేరువేరు పనులు కావు, బాండ్లు చేతులు మారతాయంతే. మొదట బ్రాంచ్ పాయింట్ `A` తన 2' ఓహెచ్‌తో ఇంట్రాన్ మొదలైన చోట దాడి చేస్తుంది, అక్కడ ఎక్సాన్ విడిపోయి, ఇంట్రాన్ మొదలు వచ్చి `A`కి అంటుకుని ఉచ్చు ఆకారం వస్తుంది, అదే లేరియట్. తర్వాత విడిపోయిన ఎక్సాన్ తన 3' ఓహెచ్‌తో ఇంట్రాన్ చివర దాడి చేస్తుంది, రెండు ఎక్సాన్లు కలిసిపోతాయి, ఉచ్చు బయటపడుతుంది. ఎన్ని బాండ్లు తెగాయో అన్నే కొత్తవి వచ్చాయి కాబట్టి ఈ కెమిస్ట్రీకి విడిగా ఏటీపీ అక్కర్లేదు. ఏటీపీ ఖర్చయ్యేది యూ1, యూ4 లాంటి చిన్న ఆర్ఎన్ఏలని ఊడదీసి, అలాంటిదే ఐన యూ6ని సరైన చోట కూర్చోబెట్టడానికి. ఎగ్జామ్‌లో ఈ పాయింట్ దగ్గరే చాలామంది తప్పు రాస్తారు.

రిపోర్టులో `IVS1-5 G>C` అని ఉంది, ఇంట్రాన్‌లో మార్పే కదా, దానివల్ల తలసీమియా ఎలా వస్తుంది?

ఐవీఎస్ అంటే ఇంట్రాన్‌కి పాత పేరు. కాబట్టి అర్థం: బీటా గ్లోబిన్ మొదటి ఇంట్రాన్‌లో 5వ బేస్ `G` బదులు `C` అయింది. కొత్త పద్ధతి రిపోర్టుల్లో ఇదే `HBB:c.92+5G>C` అని ఉంటుంది, రెండూ ఒకటే, కంగారు పడక్కర్లేదు. మన దేశంలో బీటా తలసీమియాకి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు ఇదే. మొదటి రెండు బేస్‌లు `GT`, అంటే ఆర్ఎన్ఏలో `GU`, బాగానే ఉన్నాయి, కానీ యూ1 జత కట్టే వరసలో 5వ `G` ఒకటి, అది పోయేసరికి పట్టు సడలుతుంది. అప్పుడు కణం దగ్గర్లో ఉన్న వేరే `GT`ల వైపు పోతుంది, ఎక్సాన్ లోపల రెండు, ఇంట్రాన్‌లో ఒకటి అలాంటివి ఉన్నాయి, మామూలు రోజుల్లో వాటి జోలికే పోదు. అక్కడ కోసిన ఎంఆర్ఎన్ఏలో మూడేసి అక్షరాలుగా చదివే లెక్క, అంటే ఫ్రేమ్, చెడిపోవడమో వరస మారిపోవడమో జరిగి పనికొచ్చే బీటా గొలుసు రాదు. కొంచెం మాత్రం సరైన చోటే కోత పడుతుంది, అందుకే దీన్ని బీటా ప్లస్ అంటారు, అయినా రెండు కాపీలూ ఇవే ఐతే సాధారణంగా జబ్బు తీవ్రంగానే ఉంటుంది.

ఇంట్రాన్ మధ్యలో ఒక్క అక్షరం మారితే కూడా ప్రొటీన్ చెడుతుందా? అది ఎలాగూ తీసి పారేసేదే కదా?

చెడుతుంది, దీనికి `IVS1-110 G>A` కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు. సైప్రస్, గ్రీస్, టర్కీ వైపు ఎక్కువ. మొదటి ఇంట్రాన్ చివర, రెండో ఎక్సాన్ మొదలు ఇలా ఉంటాయి, నిలువు గీత దగ్గర ఎక్సాన్ మొదలు:

```
మామూలు : CCTATTGGTCTATTTTCCCACCCTTAG|GCTGCTGG
మారినది : CCTATTAG|TCTATTTTCCCACCCTTAG GCTGCTGG
```

`TTGG` కాస్తా `TTAG` అయింది, అంటే కొత్త `AG` ఒకటి పుట్టింది. బ్రాంచ్ పాయింట్ దాటాక కణం సాధారణంగా మొదట తగిలిన `AG`నే తీసుకుంటుంది, ఇప్పుడు మొదట తగిలేది ఈ కొత్తది. సుమారు 90 శాతం ఎంఆర్ఎన్ఏల్లో కోత ఇక్కడే పడి 19 బేస్‌ల ఇంట్రాన్ ముక్క ఎక్సాన్‌తో పాటు లోపలే ఉండిపోతుంది. ఇప్పుడు చదివి చూడండి. మొదటి ఎక్సాన్ `AG` అనే సగం కోడాన్‌తో ముగుస్తుంది, మామూలుగా రెండో ఎక్సాన్ మొదటి `G`తో కలిసి అది `AGG` అవుతుంది, ఆర్జినిన్. మారినదాంట్లో:

```
AGT CTA TTT TCC CAC CCT TAG
```

సెరిన్, ల్యూసిన్, ఫినైల్అలనిన్, సెరిన్, హిస్టిడిన్, ప్రోలిన్, ఆ తర్వాత స్టాప్. ఇంట్రాన్ చివరి `TAG` ఉంది చూశారా, అది ఫ్రేమ్‌లోకి వచ్చి స్టాప్ కోడాన్ అయి కూర్చుంది. బీటా గొలుసు ఐదో వంతు దాటగానే ఆగిపోతుంది.

అలా మధ్యలో స్టాప్ వస్తే పొట్టి ప్రొటీన్ తయారవుతుందా?

చాలాసార్లు ఆ ఎంఆర్ఎన్ఏనే కణం నాశనం చేసేస్తుంది. స్ప్లైసింగ్ అయిన ప్రతి అతుకుకి 20, 24 బేస్‌ల ముందు ఒక ప్రొటీన్ల గుంపు గుర్తుగా మిగిలిపోతుంది. మొదటిసారి ట్రాన్స్‌లేట్ చేసే రైబోజోమ్ దారిలో వాటిని ఊడగొట్టుకుంటూ పోతుంది. చివరి అతుక్కి 50, 55 బేస్‌ల కంటే ముందే స్టాప్ తగిలితే, ఇంకా ముందు ఊడని గుర్తు మిగిలిపోయి కనిపిస్తుంది, దాంతో ఆ ఎంఆర్ఎన్ఏ చెడ్డదని తేలి ముక్కలైపోతుంది, దీన్నే నాన్‌సెన్స్ మీడియేటెడ్ డికే అంటారు. బీటా గ్లోబిన్ రెండో ఎక్సాన్ 223 బేస్‌లు, కాబట్టి దాని మొదట్లో స్టాప్ పడితే చివరి అతుకు చాలా దూరంలో ఉన్నట్టే, ఎంఆర్ఎన్ఏ పోతుంది. అదే స్టాప్ చివరి ఎక్సాన్‌లో పడితే తప్పించుకుంటుంది, ఆ తప్పుడు ప్రొటీన్ పేరుకుని ఒక్క కాపీతోనే జబ్బు తెచ్చిన సందర్భాలు బీటా గ్లోబిన్‌లోనే ఉన్నాయి.

స్ప్లైసింగ్ తప్పిందని ల్యాబ్‌లో ఎలా చూస్తారు?

ఆర్ఎన్ఏ తీసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో దాన్ని డీఎన్ఏగా కాపీ చేసి, అంటే సీడీఎన్ఏ చేసి, అతుకుకి అటొక ఎక్సాన్‌లో ఇటొక ఎక్సాన్‌లో ప్రైమర్లు పెట్టి పీసీఆర్ చేస్తారు. సరిగ్గా అతికితే 200 బేస్‌ల బ్యాండ్ వచ్చేలా ప్రైమర్లు పెట్టారనుకోండి, 19 బేస్‌ల ఇంట్రాన్ ముక్క మిగిలిపోయిన ఆర్ఎన్ఏ 219 దగ్గర వస్తుంది, 130 బేస్‌ల ఇంట్రాన్ మొత్తం ఉన్నది 330 దగ్గర వస్తుంది. ఆ 330 బ్యాండ్ చూసి ఇంట్రాన్ తీయట్లేదని తేల్చేయకండి, చాలాసార్లు అది శాంపిల్‌లో మిగిలిపోయిన డీఎన్ఏ. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని కంట్రోల్ ట్యూబ్‌లోనూ అదే బ్యాండ్ వస్తే డీఎన్ఏనే అన్నమాట. 200కి, 219కి తేడా మామూలు 1 శాతం అగరోజ్‌లో కనపడదు, పాలీఅక్రిలమైడ్ జెల్‌కో క్యాపిలరీకో పోవాలి. ఇంకో చిక్కు, తప్పుడు ఎంఆర్ఎన్ఏని కణం నాశనం చేస్తే అసలు బ్యాండే రాదు, అందుకే పెంచిన కణాల్లో ఐతే కొన్ని గంటలు సైక్లోహెక్సిమైడ్ వేసి ట్రాన్స్‌లేషన్ ఆపి చూస్తారు, అప్పుడు దాక్కున్న బ్యాండ్ బయటపడుతుంది.

## పాలీ-ఏ తోక స్టేజీ

డీఎన్ఏలో 200 `T`లు ఉంటాయా, తోక అక్కడి నుంచి కాపీ అవుతుందా?

ఉండవు. డీఎన్ఏలో ఉండేది గుర్తు మాత్రమే, ఆర్ఎన్ఏలో అది `AAUAAA`. దాన్ని ఒక ప్రొటీన్ల గుంపు పట్టుకుంటుంది, కిందనున్న `GU` ఎక్కువున్న చోటుని ఇంకో గుంపు పట్టుకుంటుంది, రెంటి మధ్యలో, `AAUAAA`కి 10 నుంచి 30 బేస్‌ల తర్వాత కోత పడుతుంది. తర్వాత పాలీ-ఏ పాలిమరేజ్ ఏ టెంప్లేటూ లేకుండానే ఏటీపీ తీసుకుని `A`లు అంటించుకుంటూ పోతుంది, మన కణాల్లో 200 నుంచి 250 దాకా. అవతల పాలిమరేజ్-2 ఇంకా ముందుకి పోతూనే ఉంటుంది, కానీ దాని నుంచి వేలాడే కొత్త ముక్కకి క్యాప్ లేదు కాబట్టి ఒక ఎంజైము దాన్ని 5' నుంచి తింటూ వెంటపడుతుంది, అందుకుంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఆగుతుంది.

`AATAAA`లో ఒక అక్షరం తప్పితే ఏమవుతుంది?

బీటా గ్లోబిన్‌లో అది `AACAAA` అయిన కుటుంబాన్ని 1985లో రిపోర్ట్ చేశారు. అక్కడ కోత సరిగ్గా పడక, పాలిమరేజ్ ముందుకిపోయి ఇంకో 900 బేస్‌ల అవతల దొరికిన `AATAAA` దగ్గర కోత పడింది. ప్రొటీన్ కోడ్ అంతా చెక్కుచెదరకుండా ఉంది, ఎంఆర్ఎన్ఏ మాత్రం పొడవుగా, తక్కువగా వచ్చింది, కొంత మామూలు చోట కూడా పడుతూనే ఉంది. అందుకే జబ్బు కాస్త మైల్డ్.

ఒలిగో డీటీతో సీడీఎన్ఏ చేస్తే అన్ని ఎంఆర్ఎన్ఏలూ వస్తాయా?

ఒలిగో డీటీ అంటే వరసగా `T`లున్న ప్రైమర్, అది తోకలోని `A`లకి జత కడుతుంది, కాబట్టి తోక ఉన్నవే వస్తాయి. డీఎన్ఏ రెట్టింపయ్యేటప్పుడు తయారయ్యే హిస్టోన్ ఎంఆర్ఎన్ఏలకి తోక ఉండదు, చివర్లో ఒక చిన్న మడత ఉంటుంది, అవి మిస్సవుతాయి. ఆర్ఎన్ఏ విరిగిపోయిన శాంపిల్ ఐతే తోక పక్కనున్న ముక్కలే వచ్చి, 5' వైపు ఎక్సాన్లు లేనట్టు కనిపిస్తాయి, దాన్ని ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ అనుకుని మురిసిపోయేవాళ్లూ ఉంటారు. ర్యాండమ్ ప్రైమర్లతో ఒకసారి చేసి చూడండి.

కోవిడ్ వ్యాక్సిన్ ఎంఆర్ఎన్ఏకి ఇవన్నీ ఎవరు చేశారు?

ఫ్యాక్టరీలో ట్యూబులోనే చేశారు. ఇంట్రాన్లు మొదటి నుంచీ లేవు కాబట్టి స్ప్లైసింగ్ పని లేదు, న్యూక్లియస్‌లోకి వెళ్లే పనీ లేదు. ఫైజర్ దాంట్లో క్యాప్ లాంటి అణువుని కాపీ మొదలయ్యేటప్పుడే కలిపేస్తారు. తోక మాత్రం టెంప్లేట్‌లోనే రాసి ఉంటుంది, 30 `A`లు, 10 బేస్‌ల లింకర్, మళ్లీ 70 `A`లు.

## ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ స్టేజీ

ఒకే జీన్ నుంచి సంబంధమే లేని రెండు ప్రొటీన్లు ఎలా వస్తాయి?

కాల్సిటోనిన్ జీన్ చూడండి, 1982లో ఎలుకల్లో తేలిన సంగతి ఇది. ఆ జీన్‌లో ఆరు ఎక్సాన్లు. థైరాయిడ్‌లోని సి-కణాల్లో 1, 2, 3, 4 కలిసి, నాలుగో ఎక్సాన్ చివర్లోనే పాలీ-ఏ తోక పడుతుంది, దాని నుంచి 32 అమైనో ఆమ్లాల కాల్సిటోనిన్ వస్తుంది, అది రక్తంలో కాల్షియం తగ్గించే హార్మోన్. నరాల కణాల్లో నాలుగోది వదిలేసి 1, 2, 3 తర్వాత నేరుగా 5, 6 కలుస్తాయి, తోక ఆరో ఎక్సాన్ చివర్లో పడుతుంది, దాంట్లోంచి 37 అమైనో ఆమ్లాల సీజీఆర్‌పీ వస్తుంది. ఇది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, మైగ్రేన్‌లో దీని పాత్ర తెలిశాక ఈ దారినే అడ్డుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. డీఎన్ఏ రెండు కణాల్లోనూ ఒకటే, మారిందల్లా ఏ ఎక్సాన్ ఉంచాలి, ఎక్కడ కోసి తోక పెట్టాలి అన్నదే. ఈ రెండు నిర్ణయాలూ ఇక్కడ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, నాలుగో ఎక్సాన్ దగ్గరే కోత పడితే ఇక 5, 6 ఆ ఎంఆర్ఎన్ఏలో ఉండే చాన్సే లేదు.

ఏ ఎక్సాన్ ఉంచాలో ఎవరు డిసైడ్ చేస్తారు?

బాస్ ఎవరూ లేరు, లాగులాటే. ఎక్సాన్లలోనూ ఇంట్రాన్లలోనూ చిన్న చిన్న వరసలు ఉంటాయి, కొన్నిటి మీద ఎస్ఆర్ ప్రొటీన్లు కూర్చుని యూ1, యూ2లని రమ్మంటాయి, కొన్నిటి మీద హెచ్ఎన్ఆర్‌ఎన్‌పీలు కూర్చుని రానివ్వవు. ఇది మరీ సింపుల్ చేసి చెప్పడం, ఒకే ప్రొటీన్ ఎక్సాన్‌లో కూర్చుంటే ఒకలా ఇంట్రాన్‌లో కూర్చుంటే ఇంకోలా పనిచేయడమూ ఉంది. బలమైన సైట్లున్న ఎక్సాన్‌కి ఈ గొడవ పెద్దగా ఉండదు, బలహీనమైన సైట్లున్నది మాత్రం ఆ కణంలో ఏ ప్రొటీన్ ఎంత ఉందన్నదాన్ని బట్టి లోపలికి రావడమో బయట ఉండడమో జరుగుతుంది.

సైలెంట్ మ్యుటేషన్ అంటే ఏ హానీ లేనట్టే కదా?

అమైనో ఆమ్లం మారకపోతే సైలెంట్ అంటారు, స్ప్లైసింగ్‌కి ఆ సంగతి పట్టదు. మనకి ఎస్ఎంఎన్1, ఎస్ఎంఎన్2 అని దాదాపు ఒకేలాంటి రెండు జీన్లున్నాయి. రెండోదాంట్లో ఏడో ఎక్సాన్‌లో `TTC` బదులు `TTT` ఉంటుంది, రెండూ ఫినైల్అలనినే. కానీ ఆ ఒక్క `C` పోవడంతో ఎక్సాన్‌ని పిలిచే గుర్తు చెడి, చాలా ఎంఆర్ఎన్ఏల్లో ఏడో ఎక్సాన్ వదిలేసి అతుకుతుంది, వచ్చే ప్రొటీన్ నిలబడదు. ఎస్ఎంఎన్1 బాగుంటే ఏమీ కాదు. అది పోయిన పిల్లలకి స్పైనల్ మస్కులర్ అట్రోఫీ వస్తుంది, అప్పుడు ఎస్ఎంఎన్2 కాపీలు ఎన్ని ఉంటే జబ్బు సాధారణంగా అంత నెమ్మది. 2016లో అమెరికాలో అనుమతి వచ్చిన నుసినెర్సెన్ చేసే పని ఇక్కడే. ఏడో ఇంట్రాన్‌లో ఎక్సాన్‌ని రానివ్వని ఒక వరస ఉంది, మందు దాని మీద జత కట్టి కప్పేస్తుంది, దాంతో ఏడో ఎక్సాన్ మళ్లీ లోపలికొస్తుంది. జీన్‌ని ముట్టుకోకుండా స్ప్లైసింగ్‌ని మాత్రమే మళ్లించిన మందు ఇది.

ఒక్క జీన్ నుంచి 38 వేల ప్రొటీన్లు అంటారు, అది నిజమేనా?

ఈగ జాతికి చెందిన డ్రోసోఫిలాలో డీస్కామ్ జీన్ గురించి అంటారు. అందులో నాలుగో ఎక్సాన్‌కి 12 వెర్షన్లు, ఆరోదానికి 48, తొమ్మిదోదానికి 33, పదిహేడోదానికి 2, ప్రతి గుంపులోంచి ఒక్కటే తీసుకుంటుంది. 12 × 48 × 33 × 2 = 38,016. ఈగ మొత్తం జీన్లే సుమారు 14 వేలు. లెక్క నిజమే, ఐతే అది వీలున్న కాంబినేషన్ల సంఖ్య, ఒక్కో నరాల కణంలో కొన్ని రకాలే ఉంటాయి. ఆ తేడాతోనే తన కొమ్మ ఏదో పక్కవాడి కొమ్మ ఏదో కణం గుర్తుపడుతుంది: ఒకే రకం ఎదురైతే అది తనదే అని దూరం జరుగుతుంది. ఇక్కడ వెరైటీ ఉండడమే దాని పని, మిగతా జీన్లన్నీ ఇలాగే ఉంటాయనుకోవద్దు.

మనిషికి జీన్లు 20 వేలే, ప్రొటీన్లు మాత్రం లక్షల్లో అంటే అంతా ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ వల్లేనా?

కొంత దానివల్లే. ఒకటి కంటే ఎక్కువ ఎక్సాన్లున్న మన జీన్లలో సుమారు 95 శాతం ఒకటి కంటే ఎక్కువ రకాలుగా అతుకుతాయని 2008లో ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్‌తో తేలింది. కానీ అది ఎంఆర్ఎన్ఏ లెక్క. ప్రొటీన్లని నేరుగా మాస్ స్పెక్ట్రోమెట్రీలో వెతికితే చాలా జీన్లకి ఒక్క ప్రధాన రూపమే గట్టిగా కనిపిస్తుంది. మిగతావి తక్కువగా ఉండి దొరకట్లేదా, అసలు తయారే కావట్లేదా అనే దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. కొన్ని స్ప్లైసింగ్ రూపాలు కావాలనే స్టాప్‌ని తెచ్చుకుని ఎంఆర్ఎన్ఏని నాశనం చేయించుకుంటాయి, అలా ప్రొటీన్ మోతాదు తగ్గించుకోవడం కూడా కణానికి ఒక పద్ధతి, ఎస్ఆర్ ప్రొటీన్ల జీన్లే ఇలా చేస్తాయి. ఇక తయారయ్యాక ఫాస్ఫేట్లు, చక్కెరలు పడటం వల్ల వచ్చే రకాలు వేరే లెక్క, లక్షల్లో చెప్పే నంబర్లలో ఎక్కువగా అవీ కలిపేస్తారు. కాబట్టి ఎవరైనా ఒక జీన్‌కి పది రూపాలున్నాయి అంటే, వాటిలో ఎన్ని ఎంఆర్ఎన్ఏగా చూశారు, ఎన్ని ప్రొటీన్‌గా చూశారు అని విడివిడిగా అడగండి.